లేని ఏడాదిని లెక్కపెట్టొద్దు

2010లో గ్రీసు ప్రభుత్వం ఒక ప్రత్యేకమైన రెండు యూరోల నాణెం విడుదల చేసింది. మారథాన్ యుద్ధం జరిగి 2,500 ఏళ్లయిన సందర్భంగా తెచ్చిన నాణెం అది. ఆ ఏడాది అక్టోబరు 31న ఏథెన్సులో జరిగిన మారథాన్ పరుగును కూడా ఆ ఉత్సవం పేరుతోనే నిర్వహించారు. మారథాన్ మైదానంలో ఏథెన్సు సైన్యం పర్షియన్లను ఓడించింది క్రీ.పూ. 490లో. 490కి 2010 కలిపితే సరిగ్గా 2,500 వస్తుంది. అంత గుండ్రని సంఖ్య వచ్చాక ఎవరికి మాత్రం అనుమానం కలుగుతుంది?

కానీ ఆ లెక్క తప్పు. 2010 నాటికి ఆ యుద్ధం జరిగి 2,499 ఏళ్లే నిండాయి. 2,500 ఏళ్లు నిండింది 2011లో.

పదేళ్ల తర్వాత అదే కథ మళ్లీ జరిగింది. థర్మాపిలే, సలామిస్ యుద్ధాలు క్రీ.పూ. 480లో జరిగాయి. గ్రీసు వాటి 2,500 ఏళ్ల ఉత్సవాలను 2020లో జరిపింది, దానికీ ఒక నాణెం తెచ్చింది. జరపాల్సింది 2021లో. అంతకుముందు లాటిన్ మహాకవి వర్జిల్ విషయంలోనూ ఇంతే. ఆయన పుట్టింది క్రీ.పూ. 70 అక్టోబరు 15న. ఆయన రెండువేల ఏళ్ల జయంతిని లోకమంతా 1930లో చేసుకుంది. నిజానికి రెండువేల ఏళ్లు నిండింది 1931లో. చదువుకున్నవాళ్లు, చరిత్ర తెలిసినవాళ్లు కలిసి చేసిన పండగలే ఇవన్నీ. తప్పు జరిగింది చరిత్రలో కాదు, మూడో తరగతి కూడికలో.

మరి కూడికలో ఏం తప్పింది? ఆ రోజుల సంవత్సరాలను వరసగా రాసి చూడండి: క్రీ.పూ. 3, క్రీ.పూ. 2, క్రీ.పూ. 1, క్రీ.శ. 1, క్రీ.శ. 2. క్రీ.పూ. 1 డిసెంబరు 31 రాత్రి పడుకున్నవాడు మర్నాడు నిద్రలేచేసరికి క్రీ.శ. 1 జనవరి 1 వచ్చేస్తుంది. నడుమ సున్నా అనే సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 జనవరి ఒకటో తేదీ నుంచి క్రీ.శ. 1 జనవరి ఒకటో తేదీకి ఒక్క ఏడాదే గడుస్తుంది. ఒకటికి ఒకటి కలిపితే మాత్రం రెండు వస్తుంది. క్రీ.పూ. 2 నుంచి క్రీ.శ. 2కి కలిపితే నాలుగు వస్తుంది, కానీ వరస మీద వేలు పెట్టి లెక్కిస్తే గడిచినవి మూడే. ఎంత దూరం వెళ్లినా ఈ తేడా పెరగదు, తరగదు. ఎప్పుడూ ఒకటే.

లిఫ్టు ఉన్న భవనంలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. సెల్లారులో ఎక్కి మొదటి అంతస్తుకు వెళ్లాలంటే రెండు అంతస్తులు ఎక్కాలి, ఎందుకంటే నడుమ గ్రౌండ్ ఫ్లోర్ ఉంది. గ్రౌండ్ ఫ్లోరే కట్టని భవనం ఊహించుకోండి. సెల్లారు పైకప్పే మొదటి అంతస్తుకు నేల. అప్పుడు ఎక్కాల్సింది ఒక్క అంతస్తే. మన క్యాలెండరు అలాంటి భవనం.

అందుకని సూత్రం ఇది: ఒక తేదీ క్రీస్తుపూర్వంలో, ఇంకొకటి క్రీస్తుశకంలో ఉంటే రెండు సంఖ్యలనూ కలిపి ఒకటి తీసేయాలి. రెండు తేదీలూ ఒకే వైపు ఉంటే ఈ గొడవ లేదు, మామూలు తీసివేత చాలు. అలెగ్జాండర్ క్రీ.పూ. 356లో పుట్టి 323లో పోయాడు. తీసివేస్తే 33. పుట్టింది జులైలో, పోయింది జూన్‌లో కాబట్టి ఆ ఏటి పుట్టినరోజు ఇంకా రాలేదు. వయసు 32. క్రీస్తుపూర్వంలో పెద్ద సంఖ్య ముందు వస్తుంది, చిన్న సంఖ్య తర్వాత వస్తుందన్నది గుర్తుంటే చాలు.

పుట్టినరోజు మాట వచ్చింది కాబట్టి తేదీలతో సహా ఒక లెక్క పూర్తిగా వేద్దాం. దీనికి రోము తొలి చక్రవర్తి అగస్టస్ కంటే మంచి మనిషి దొరకడు. ఆయన పుట్టుక, చావు రెండూ నెల, రోజుతో సహా తెలుసు. పైగా ఆయన శకం మారే గీతకు అటూ ఇటూ బతికాడు. పుట్టింది క్రీ.పూ. 63 సెప్టెంబరు 23న. పోయింది క్రీ.శ. 14 ఆగస్టు 19న, ఇటలీలోని నోలా పట్టణంలో.

63కి 14 కలిపితే 77. లేని సున్నా ఏడాది కోసం ఒకటి తీసేస్తే 76. అంటే క్రీ.శ. 14 సెప్టెంబరు 23కి ఆయనకు 76 నిండాలి. అయితే ఆయన ఆగస్టులోనే పోయాడు. ఆ పుట్టినరోజు రాలేదు కాబట్టి ఇంకొకటి తగ్గించాలి. పోయేనాటికి వయసు 75. ఇక్కడ ఒకటి తీసేయడం రెండుసార్లు జరిగింది, రెంటికీ కారణాలు వేరు. మొదటిది క్యాలెండరులో సున్నా లేనందుకు, ఇది ఎప్పుడూ తీసేయాల్సిందే. రెండోది ఆ ఏడాదిలో ఆ తేదీ ఇంకా రానందుకు, ఇది తేదీని బట్టి ఉంటుంది. చాలామంది ఈ రెంటిలో ఒకటి చేసి రెండోది మరిచిపోతారు.

మన లెక్క సరిపోయిందని ఎలా నమ్మడం? అగస్టస్ జీవిత చరిత్ర రాసిన రోమన్ రచయిత సూటోనియస్ ఆ సంగతి చెప్పి పెట్టాడు. 76 నిండడానికి ఇంకా 35 రోజులుండగా చక్రవర్తి కన్నుమూశాడని ఆయన రాశాడు. ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 23కి లెక్కపెట్టండి, సరిగ్గా 35 రోజులు. సూటోనియస్‌కు క్రీస్తుపూర్వం, క్రీస్తుశకం అన్న లెక్కే తెలియదు. రోమన్లు ప్రతి ఏడాదినీ ఆ ఏడు పదవిలో ఉన్న ఇద్దరు కాన్సుల్‌ల పేర్లతో పిలిచేవారు. అగస్టస్ పుట్టింది సిసిరో కాన్సుల్‌గా ఉన్న ఏడు. ఆ పేర్ల జాబితా వరసగా ఉంటుంది, అందులో ఎక్కడా ఖాళీ లేదు. కాబట్టి ఆయన చెప్పిన వయసు మన సూత్రంతో సంబంధం లేకుండా వచ్చినది. అయినా రెండూ కలిశాయి. ఒకటి తీసేయకుండా ఉంటే ఆ ముసలాయనకు మనం ఒక ఏడాది ఆయుష్షు ఎక్కువ పోసేవాళ్లం.

ముస్సోలినీ కాలంలో ఇటలీ ఈ అగస్టస్ రెండువేల ఏళ్ల జయంతిని పెద్ద ఎత్తున జరిపింది. రోములో భారీ ప్రదర్శన పెట్టారు. ఉత్సవ సంవత్సరం 1937 సెప్టెంబరు 23న మొదలై 1938 సెప్టెంబరు 23న ముగిసింది. 63కి 1938 కలిపి ఒకటి తీసేస్తే 2,000. అంటే ముగింపు రోజుకు రెండువేలు నిండాయి. వర్జిల్ విషయంలో పొరపాటుపడిన దేశం ఇక్కడ మాత్రం నిండే ఏడాది పొడవునా ఉత్సవం చేసి గట్టున పడింది.

పాత రోమన్లే ఇందులో మెరుగు. రోము నగరం పుట్టింది క్రీ.పూ. 753లో అని వాళ్ల సంప్రదాయం. ఫిలిప్ అనే చక్రవర్తి ఆ నగరానికి వెయ్యేళ్ల పండగ చేసింది క్రీ.శ. 248లో. 753, 248 కలిపి ఒకటి తీసేయండి, వెయ్యి వస్తుంది. వాళ్లు నగరం పుట్టిన నాటి నుంచి ఒకే దిక్కుగా లెక్కపెట్టుకుంటూ వచ్చారు. వాళ్ల దారిలో శకం మారే గీత లేదు, తప్పు పడే చోటే లేదు.

ఆ గీత గీసినవాడు డయొనీషియస్ అనే సన్యాసి. క్రీ.శ. 525లో రోములో కూర్చుని, ఈస్టరు పండగ ఏ ఏడు ఏ తేదీన వస్తుందో చెప్పే పట్టిక తయారుచేస్తున్నాడు. అప్పటిదాకా ఆ పట్టికల్లో సంవత్సరాలను డయోక్లీషియన్ చక్రవర్తి ఏలుబడి నుంచి లెక్కించేవారు. క్రైస్తవులను హింసించిన ఆ చక్రవర్తి పేరు తమ పండగ పట్టికలో ఉండటం డయొనీషియస్‌కు నచ్చలేదు. దాని బదులు క్రీస్తు అవతరించిన నాటి నుంచి లెక్క పెట్టాడు. ఆయన పట్టిక క్రీ.శ. 532తో మొదలవుతుంది. ఆయనకు కావలసింది ముందు రాబోయే ఏళ్లే. వెనకటి ఏళ్లకు అంకెలు వేయాలన్న ఆలోచన ఆ పట్టికలో లేదు.

731లో ఇంగ్లండు చరిత్ర రాసిన బీడ్ అనే మఠవాసి ఈ లెక్కను చరిత్ర గ్రంథంలోకి తెచ్చాడు. సీజర్ బ్రిటన్‌కు రావడం వంటి పాత సంగతిని క్రీస్తు అవతారానికి ముందు ఫలానా ఏడు అని వెనక్కి లెక్కించి చెప్పాడు కూడా. ఆ వెనకటి లెక్క బాగా వాడుకలోకి వచ్చింది మాత్రం 17వ శతాబ్దంలో, పెటావియస్ అనే ఫ్రెంచి పండితుడి రచనలతో. అంటే ఒక గోడ కట్టిన వందల ఏళ్లకు ఇంకొకరు వచ్చి దానికి ఆనించి రెండో వైపు ఇంకో గోడ లేపారు. నడుమ సందు ఉంచాలని ఎవరికీ తోచలేదు.

యూరపువాళ్లకు అప్పట్లో సున్నా తెలియదు కాబట్టి ఇలా జరిగిందని చాలాచోట్ల రాస్తారు. అది సగం నిజం. సున్నాతో కూడికలు తీసివేతలు ఎలా చేయాలో నియమాలు రాసిన మన బ్రహ్మగుప్తుడి గ్రంథం వచ్చింది 628లో, డయొనీషియస్ తర్వాత నూరేళ్లకు. కానీ సున్నా తెలిసిన మన దేశంలో కూడా రాజు పట్టాభిషేకమైన ఏడును శాసనాల్లో ఒకటో ఏడు అనే చెప్పారు, సున్నా ఏడు అనలేదు. వరసలో పేరు పెట్టేటప్పుడు ఎవరైనా ఒకటితోనే మొదలుపెడతారు. 'క్రీ.శ. 1' అంటే మొదటి ఏడు అని అర్థం, ఒక ఏడు గడిచిందని కాదు. అసలు చిక్కు ఇక్కడుంది. ఎన్నో ఏడు నడుస్తోంది అన్న ప్రశ్నకు పెట్టిన అంకెతో ఎన్నేళ్లు గడిచాయి అన్న ప్రశ్నకు జవాబు చెప్పబోతున్నాం. 21వ శతాబ్దం 2000లో కాకుండా 2001 జనవరి 1న మొదలైందని చెప్పడానికి కారణం కూడా ఇదే.

ఈ రెండు ప్రశ్నలనూ వేరుగా ఉంచిన లెక్క ఒకటి మన ఇళ్లలోనే ఉంది. ఉగాదికి కొన్న పంచాంగం మొదటి పేజీలు తిప్పండి. ప్రభవాది వరసలో ఆ ఏటి పేరుతో పాటు శాలివాహన శకం ఎన్నో, కలి గతాబ్దాలు ఎన్నో వేస్తారు. గతాబ్దాలు అంటే గడిచిపోయిన ఏళ్లు. 2025 ఉగాదితో మొదలైన విశ్వావసుకు శకం 1947, కలి గతాబ్దాలు 5,126. అంటే కలియుగంలో 5,126 ఏళ్లు నిండి 5,127వది నడుస్తోందని.

ఈ కలి లెక్క మొదలయ్యేది క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18న. ఆ రోజు నిజంగా ఏదైనా జరిగిందా అన్నది వేరే చర్చ. గ్రహాలన్నీ ఒకచోట చేరిన క్షణం కావాలని సిద్ధాంతులు వెనక్కి గుణించి పెట్టుకున్న ఆరంభమే అదని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. ఆ నమ్మకాల జోలికి పోకుండా కూడిక చేద్దాం. 3102కు 2025 కలిపితే 5,127. ఒకటి తీసేస్తే 5,126. పంచాంగంలో వేసిన అంకె సరిగ్గా అదే. పంచాంగకర్త ఈ తీసివేత చేయడు, ఆయనకు ఆ అవసరమే లేదు. నిరుటి గతాబ్దాలకు ఒకటి కలుపుకుంటాడు, అంతే. చేయాల్సింది మనం, క్రీస్తుశకం నుంచి అక్కడికి వెళ్లేటప్పుడు. ఉగాదికి ముందు జనవరి, ఫిబ్రవరి నెలల్లో అయితే పాత ఏడే నడుస్తుంటుంది కాబట్టి ఇంకొకటి తగ్గుతుంది. అగస్టస్ పుట్టినరోజు దగ్గర చూసిన రెండో తీసివేతే ఇక్కడ ఉగాది రూపంలో వచ్చింది.

ఆర్యభటుడు ఎప్పటివాడో మనకు తెలిసింది ఈ లెక్కతోనే. కలిలో 3,600 ఏళ్లు గడిచేసరికి తనకు 23 ఏళ్లని ఆయన 'ఆర్యభటీయం'లో చెప్పుకున్నాడు. 3,600లోంచి 3102 తీసేస్తే 498. కానీ ఆయన చెప్పిన ఏడు 499. దాటి వచ్చిన గీత దగ్గర పోయిన ఒకటిని తిరిగి కలపాలి. ముందుకు వెళ్లేటప్పుడు తీసేసినదాన్ని వెనక్కి వచ్చేటప్పుడు కలపడం అన్నమాట. 499లోంచి 23 తీసేసి ఆయన పుట్టింది 476లో అంటారు.

నమ్మకం కుదరకపోతే ముక్కలుగా చేసి చూడండి. క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 నుంచి క్రీ.పూ. 1 ఫిబ్రవరి 18కి 3,101 ఏళ్లు. అక్కడి నుంచి క్రీ.శ. 1 ఫిబ్రవరి 18కి ఒక్క ఏడు. అక్కడి నుంచి 499 ఫిబ్రవరి 18కి 498 ఏళ్లు. మూడూ కలిపితే 3,600. ఏ సందేహం వచ్చినా ఇలా గీత దగ్గర ఆగి ముక్కలు చేయడమే నిక్కచ్చి పద్ధతి, సూత్రం మరిచిపోయినా ఇది మరిచిపోలేం.

ఆర్యభటుడి 3,600 ఏళ్లు నిండింది 499 మార్చి 21న అని పండితులు చెబుతారు. మన లెక్కలో ఫిబ్రవరి 18 వచ్చింది. ఆ నెల రోజులు ఎక్కడివి? ఈ తేదీలు జూలియన్ క్యాలెండరువి. అందులో ఏడాదికి సగటున 365.25 రోజులు. ఆర్యభటుడి ఏడాదికి 365.25868 రోజులు. తేడా ఏడాదికి పన్నెండున్నర నిమిషాలే. కానీ 3,600 ఏళ్లకు అది 31 రోజులైంది. ఫిబ్రవరి 18కి 31 రోజులు కలిపితే మార్చి 21. ఏడాది పొడవు వల్ల వచ్చే తేడా ఇలా కాలంతో పెరుగుతుంది. సున్నా లేకపోవడం వల్ల వచ్చేది ఒక్కసారి పడి ఊరుకుంటుంది. లెక్క ఎక్కడో తేడా కొట్టినప్పుడు ఈ రెంటిలో కారణం ఏదో ఇలా పసిగట్టవచ్చు.

రాతి మీద చెక్కిన సాక్ష్యం కూడా ఉంది. కర్ణాటకలోని ఐహోళెలో మేగుటి జైన ఆలయం గోడ మీద రవికీర్తి అనే కవి రాసిన శాసనం ఉంది. బాదామి చాళుక్యరాజు రెండో పులకేశి విజయాలను అది వర్ణిస్తుంది. మన పిఠాపురాన్ని పిష్టపురం పేరుతో చెప్పి, దాన్ని ఆయన జయించిన సంగతి కూడా అందులో ఉంది. రవికీర్తి ఆలయం కట్టిన కాలాన్ని రెండు లెక్కల్లో చెప్పాడు. భారత యుద్ధం నుంచి 3,735 ఏళ్లు గడిచాయన్నది ఒకటి, శకరాజుల కాలం 556 గడిచిందన్నది రెండోది. శకం 556కు 78 కలిపితే క్రీ.శ. 634. ఇటు కలి వైపు నుంచి వస్తే, 3102కు 634 కలిపి ఒకటి తీసేస్తే 3,735. రెండు దారులూ ఒకే ఏట కలిశాయి. రెండు చోట్లా ఆయన వాడింది గడిచిన ఏళ్ల లెక్కే. అందుకే పదమూడు వందల ఏళ్ల తర్వాత కూడా సరిచూసుకోగలుగుతున్నాం.

అలాగని మన వైపు అంతా శుభ్రంగా ఉందని కాదు. గడిచిన ఏళ్లు, నడుస్తున్న ఏడు అన్న తేడాతో ఆసియా దేశాలు ఒకే పండగను రెండు సంవత్సరాల్లో చేసుకున్న సందర్భం ఒకటుంది. థేరవాద బౌద్ధుల సంప్రదాయం ప్రకారం బుద్ధుడి పరినిర్వాణం క్రీ.పూ. 544లో. దాని 2,500 ఏళ్ల ఉత్సవాన్ని శ్రీలంక, బర్మా, మన దేశం 1956 వైశాఖ పున్నమికి చేశాయి. రంగూన్‌లో జరిగిన ఆరో బౌద్ధ సంగీతి ఆ మే 24నే ముగిసింది. అంబేద్కర్ అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించింది ఆ ఉత్సవ సంవత్సరంలోనే. థాయిలాండ్ మాత్రం ఆ పండగను 1957 మేలో చేసుకుంది.

544కు 1956 కలిపి ఒకటి తీసేస్తే 2,499. అంటే 1956లో 2,499 నిండి 2,500వ ఏడు మొదలైంది. 1957కు 2,500 నిండాయి. కాబట్టి ఇద్దరిదీ తప్పు కాదు. ఒకరు ఏడు మొదలైనప్పుడు చేసుకున్నారు, ఇంకొకరు నిండాక చేసుకున్నారు. గ్రీసువాళ్లు కూడా మారథాన్ 2,500వ ఏట అడుగుపెడుతున్నాం అని ఉంటే తప్పుపట్టడానికి ఏమీ ఉండేది కాదు. 2,500 ఏళ్లయిందని అనడంతోనే చిక్కు వచ్చింది.

ఖగోళ శాస్త్రవేత్తలకు ఈ బాధ భరించలేనిదైంది. రెండు గ్రహణాల మధ్య కాలం లెక్కించే ప్రతిసారీ గీత దగ్గర ఆగి ఒకటి తీసేయడం వాళ్ల పనికి కుదరదు. 1740లో ఫ్రాన్సుకు చెందిన జాక్ కసీనీ తన పట్టికల్లో క్రీ.పూ. 1ని సున్నాగా వేశాడు. దాంతో క్రీ.పూ. 2 మైనస్ 1 అయింది, క్రీ.పూ. 3 మైనస్ 2 అయింది. ఖగోళశాస్త్రంలో ఇప్పటికీ అదే వాడుక. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ISO 8601 కూడా క్రీ.పూ. 1ని 0000 గానే లెక్కిస్తుంది. ఇందులో లీపు సంవత్సరం పట్టుకోవడం కూడా తేలిక. 0, −4, −8 ఇలా నాలుగుతో తెగినవన్నీ లీపు ఏళ్లు. మామూలు పేర్లతో అయితే అవే క్రీ.పూ. 1, 5, 9 అవుతాయి. నాలుగుతో తెగే నియమం పనికిరాదు.

అయితే ఇక్కడ కొత్త గొయ్యి ఒకటుంది. నాసా గ్రహణాల జాబితాలో −584 మే 28న ఒక సంపూర్ణ సూర్యగ్రహణం కనిపిస్తుంది. థేలీస్ ముందే చెప్పాడని, దాన్ని చూసి లిడియన్లు, మీడులు యుద్ధం ఆపేశారని కథ ఉన్నది ఈ గ్రహణం గురించే. చరిత్ర పుస్తకాల్లో దాని తేదీ క్రీ.పూ. 585. రెండూ ఒకే ఏడు. మైనస్ గుర్తు చూసి దాన్ని క్రీ.పూ. 584 అని రాసేసినవాడు ఒక ఏడాది తప్పాడు. ఆ తర్వాత మన సూత్రం ప్రకారం ఒకటి తీసేసి 2025 నాటికి 2,608 ఏళ్లన్నాడంటే ఒకే ఏడాదిని రెండుసార్లు తీసేసినట్టు. అసలు జవాబు 2,609. మైనస్ అంకె కనబడితే 2025లోంచి −584 తీసేయాలి, అంటే కలపాలి. ఇంకేమీ తీసేయకూడదు. క్రీ.పూ. అని ఉంటేనే ఒకటి తీసేయాలి. ఏ పట్టిక ఏ పద్ధతిలో ఉందో అందులో 0 ఉందా లేదా అని చూస్తే తేలిపోతుంది.

చివరగా ఈ ఒకటిని తీసేయాల్సిన అవసరం లేని చోటు కూడా చెప్పాలి. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుపేటికల మీది లిపి క్రీ.పూ. మూడో శతాబ్దం నాటిదని సాధారణంగా చెబుతారు. మూడో శతాబ్దం అంటే క్రీ.పూ. 300 నుంచి 201 వరకు. 2025 నుంచి చూస్తే 2,324 ఏళ్ల నుంచి 2,225 ఏళ్ల దాకా ఎక్కడైనా కావచ్చు. నూరేళ్ల తేడా ఉన్నచోట ఒక ఏడాది గురించి జుట్టు పీక్కోవడం అనవసరం. సుమారు 2,250 ఏళ్లు అంటే చాలు. సుమారు క్రీ.పూ. 300 అన్న తేదీని పట్టుకుని సరిగ్గా 2,324 ఏళ్లని రాసేవాళ్లు ఒకటి తీసేసినా తప్పే చెబుతున్నారు, తెలియని కచ్చితత్వాన్ని అంటగడుతున్నారు. ఏడు, నెల, తేదీ గట్టిగా తెలిసిన సంఘటనలకే ఈ సూత్రం.

అలాంటివి రాబోయేవి ఇంకా ఉన్నాయి. సోక్రటీసు విషం తాగింది క్రీ.పూ. 399లో, 2,500 ఏళ్లు నిండేది 2101లో కాదు, 2102లో. కలియుగానికి 5,200 ఏళ్లు నిండేది 2099 ఉగాదికి.